పదేళ్లుగా టైప్ చేస్తున్నా స్పీడు ఎందుకు పెరగదు? పెరగాలంటే సాధన ఎలా చేయాలి?

సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు పక్కన డాక్యుమెంట్ రైటర్ దగ్గర పనిచేసే టైపిస్టు ఒకరున్నారనుకుందాం. పదేళ్లుగా రోజుకి ఐదారు గంటలు సేల్ డీడ్లు, అగ్రిమెంట్లు, అఫిడవిట్లు కొట్టడమే పని. కొలిస్తే స్పీడు నిమిషానికి 38 పదాలు. ఉద్యోగంలో చేరిన రెండో ఏడాదిలో కొలిచినా ఇంచుమించు ఇంతే వచ్చేది. టైప్ ఇన్‌స్టిట్యూట్‌లో రోజుకి ఒక గంట కూర్చునే కుర్రాడు ఏడాది తిరిగేసరికి హయ్యర్ పరీక్షకి కావలసిన 45 పదాలు అందుకుంటాడు. అనుభవం ఈయనకి ఎన్నో రెట్లు ఎక్కువ, స్పీడు మాత్రం తక్కువ. తెలివిలో తేడా వల్ల ఇలా జరగలేదు. ఇద్దరూ ఆ గంటల్లో చేసే పని వేరు.

ఆఫీసులో కూర్చున్న మనిషి దృష్టంతా డాక్యుమెంట్ పూర్తవడం మీదే ఉంటుంది. తప్పు పడితే బ్యాక్‌స్పేస్ నొక్కి సరిచేసి ముందుకు పోతాడు. పార్టీకి వెళ్లే కాగితంలో తప్పుండదు, కాబట్టి ఎవరూ ఏమీ అనరు. ఏ వేలు తడబడింది, ఎందుకు తడబడింది అని ఆగి చూసుకునే అవసరమే రాదు. పని జరిగిపోయేంత స్పీడు రాగానే చేయి దానంతటదే నడుస్తుంది, మనసు ఇంకెక్కడో ఉంటుంది. అక్కడినుంచి చేసే ప్రతి గంటా ఉన్న అలవాటునే గట్టిపరుస్తుంది. అందులో మంచీ గట్టిపడుతుంది, చెడూ గట్టిపడుతుంది.

ఇది చాలా పాత పరిశీలన. అమెరికాలో బ్రయన్, హార్టర్ అనే ఇద్దరు 1897, 1899లలో టెలిగ్రాఫ్ ఆపరేటర్ల మీద రాసిన వ్యాసాల్లో ఇదే చెప్పారు. కొత్తలో గబగబా పెరిగే నైపుణ్యం ఒక చోట ఆగిపోతుంది. ఆ తర్వాత ఏళ్ల తరబడి అదే స్పీడులో ఉండిపోయేవాళ్లున్నారు. పట్టుబట్టి కృషి చేసినప్పుడే మళ్లీ కదలిక వస్తుంది. తర్వాత 1993లో మనస్తత్వ శాస్త్రవేత్త ఆండర్స్ ఎరిక్‌సన్, మరో ఇద్దరు కలిసి బెర్లిన్‌లోని వయొలిన్ విద్యార్థుల మీద రాసిన వ్యాసంతో ఈ విషయం అందరి నోళ్లలో పడింది. ఏ విద్యలోనైనా ఆరితేరాలంటే పదివేల గంటలు కావాలన్న మాట పుట్టింది అక్కడినుంచే. కానీ వాళ్లు లెక్కేసింది విద్యార్థి ఒంటరిగా కూర్చుని, తన లోపాన్ని పట్టుకుని సాధన చేసిన గంటల్ని. సరదాగా వాయించిన గంటల్ని అందులో కలపలేదు. ఈ తేడా వదిలేసి పదివేల గంటలు పట్టుకోవడం వల్లే 'ఏళ్లు గడిస్తే అదే వస్తుంది' అన్న నమ్మకం ఇంకా బతికి ఉంది.

టైపింగ్‌ని ఎంచుకోవడానికి కారణం ఉంది. ఇక్కడ ఫలితం నిమిషాల్లో కొలవచ్చు, తప్పు కళ్ల ముందే కనబడుతుంది, పక్కన గురువు లేకపోయినా సాధన సాగుతుంది. మీరు ఏళ్లుగా టైప్ చేస్తూ ఒకే స్పీడులో ఆగిపోయి ఉంటే, కింద చెప్పినట్టు మొదలుపెట్టండి.

ముందు కొలవండి

మీ పనిలో వచ్చే రకం మ్యాటరే, కానీ మీరు ఇంతవరకు కొట్టనిది, రెండు పేజీలు ప్రింట్ తీసుకోండి. రోజూ కొట్టే ఫార్మాట్ అయితే వేళ్లకి కంఠతా వచ్చి ఉంటుంది, అసలు స్పీడు తెలియదు. ఫోన్‌ని పుస్తకాల దొంతర మీద పెట్టి, మీ వేళ్లూ కీబోర్డూ కనబడేలా వీడియో ఆన్ చేయండి. పది నిమిషాలు అలారం పెట్టుకుని, రోజూ ఎలా కొడతారో అలాగే కొట్టండి. బాగా చేయాలని కొత్తగా ఏమీ ప్రయత్నించవద్దు.

లెక్క ఇలా వేయాలి. స్పేస్‌తో సహా ఐదు అక్షరాలు ఒక పదం. మొత్తం 1,900 అక్షరాలు వస్తే 380 పదాలు, పది నిమిషాలకి కాబట్టి నిమిషానికి 38. వర్డ్‌లో అయితే కింద పదాల సంఖ్య మీద క్లిక్ చేస్తే స్పేస్‌లతో కలిపి అక్షరాల సంఖ్య కనబడుతుంది.

ఇప్పుడు వీడియో పెట్టి బ్యాక్‌స్పేస్ కోసం చేయి ఎన్నిసార్లు వెళ్లిందో లెక్కపెట్టండి. అసలు సంగతి ఇక్కడే బయటపడుతుంది. మన టైపిస్టు పది నిమిషాల్లో 60 చోట్ల వెనక్కి వెళ్లాడనుకుందాం. తప్పు పడిందని గమనించేలోపు ఇంకో అక్షరమో రెండో పడిపోతాయి, వాటిని చెరపాలి, మళ్లీ కొట్టాలి, చేతులు తిరిగి చోటికి రావాలి. ఒక్కోదానికి రెండు సెకన్లు వేసుకున్నా 120 సెకన్లు. అంటే పది నిమిషాల్లో రెండు నిమిషాలు దిద్దుబాటుకే పోయాయి. ఆ 380 పదాలు నిజానికి ఎనిమిది నిమిషాల్లో కొట్టినవే. తప్పులు లేకపోతే, వేళ్లు ఇప్పుడున్నంత వేగంగానే కదిలినా స్పీడు 47 దాటుతుంది. వేళ్లని ఇంకా వేగంగా కదపాలని ఏళ్లుగా తాపత్రయపడేవాళ్లకి ఈ ఒక్క లెక్క చూపిస్తే చాలు.

తప్పుల్ని రకాలుగా విడదీయండి

వీడియోని సగం స్పీడులో చూస్తూ, తప్పు పడ్డ ప్రతి పదాన్నీ, తప్పు పడకపోయినా చేయి ఆగిపోయిన ప్రతి చోటునీ కాగితం మీద రాయండి. ఇది విసుగు పని, గంటసేపు పడుతుంది. కానీ మిగతా సాధనంతా దీని మీదే నిలబడుతుంది, ఎగరగొట్టవద్దు. రాసిన జాబితాలో ఈ నాలుగు రకాలు వెతకండి.

కీ ఎక్కడుందో వేలికి తెలియకపోవడం మొదటిది. తల కిందికి వంగుతుంది, చూసి కొట్టి, మళ్లీ కాగితంలో లైను వెతుక్కుంటారు. అంకెల వరసలో దాదాపు అందరికీ ఇదే. ఇన్‌స్టిట్యూట్‌లో `asdfgf ;lkjhj` నెలల తరబడి కొట్టిస్తారు కానీ, ఉద్యోగంలోకి వచ్చాక సర్వే నంబర్లు, తేదీలు, లక్షల మొత్తాలు కొట్టాల్సి వస్తుంది. 4, 5 ఎడమ చూపుడు వేలివి, 6, 7 కుడి చూపుడు వేలివి. దూరం ఎక్కువ కాబట్టి చేయి మొత్తం పైకి లేచి, తిరిగి వచ్చేటప్పుడు చోటు తప్పుతుంది. అంకెల తర్వాత వచ్చే మొదటి పదంలోనే తప్పులు పడుతుంటే కారణం ఇదే.

రెండోది షిఫ్ట్. `S`, `A`, `D` లాంటి ఎడమ చేతి అక్షరాలకి కుడి చిటికెన వేలితో కుడి షిఫ్ట్ నొక్కాలి. చాలామంది అన్నిటికీ ఎడమ షిఫ్టే వాడతారు. అప్పుడు ఒకే చేయి రెండు పనులు చేయాలి, మణికట్టు మెలిపడుతుంది, `SUb` లాగా రెండో అక్షరం కూడా పెద్దదైపోతుంది. ఏళ్ల అనుభవం ఈ అలవాటుని సరిచేయలేదు, ఇంకా పాతుకుపోయేలా చేసింది.

మూడోది అక్షరాలు తారుమారు కావడం. `the` బదులు `teh`, `their` బదులు `thier`. ఇక్కడ కీలు తెలుసు, వేళ్లూ సరైనవే. ఒక చేయి రెండో చేతికంటే ముందు పరుగెత్తుతోంది. దీనికి మందు నిదానంగా, సమాన వ్యవధితో కొట్టడం. కీ ఎక్కడుందో నేర్చుకునే డ్రిల్లు ఇక్కడ పనికిరాదు.

నాలుగోది అసలు తప్పు కాదు, కానీ తెలిసి ఉండాలి. `deed` కొట్టి చూడండి. నాలుగు అక్షరాలూ ఎడమ మధ్య వేలివే. `executed`లో `ec` ఒకే వేలు, చివర `ed` మళ్లీ అదే వేలు. ఒకే వేలు ఒక కీ నుంచి ఇంకో కీకి దూకాల్సిన జంటలు ఎంత సాధన చేసినా రెండు చేతుల మధ్య మారే జంటలంత వేగంగా రావు. ఈ పదాల దగ్గర కంగారుపడి తప్పు చేయడం కంటే, అక్కడ కొంచెం నిదానిస్తే మొత్తం స్పీడుకి మేలు.

మన టైపిస్టు 60 తప్పుల్లో 24 అంకెల దగ్గర, 15 షిఫ్ట్ దగ్గర, 10 తారుమారు, మిగతావి చెదురుమదురు అనుకుందాం. అంటే పదేళ్లుగా ఆయన్ని ఆపుతున్నవి ముఖ్యంగా రెండే విషయాలు. మిగతా టైపింగ్ చాలావరకు బాగానే ఉంది. ఇంకో వెయ్యి డాక్యుమెంట్లు కొడితే ఆ బాగున్నదే వెయ్యిసార్లు తిరిగి వస్తుంది. అంకెలు మాత్రం పేజీలో అక్కడక్కడా వచ్చి, ప్రతిసారీ పాత పద్ధతిలోనే దాటిపోతాయి.

ఒక లోపానికి ఒక డ్రిల్లు

పని మొదలుపెట్టే ముందు, మనసు తాజాగా ఉన్నప్పుడు, రోజుకి ఇరవై నిమిషాలు తీసుకోండి. అంతకంటే ఎక్కువ వద్దు. దృష్టి చెదిరిన తర్వాత కొట్టేది మళ్లీ వట్టి పునరావృతమే అవుతుంది. మీ జాబితాలో అన్నిటికంటే పెద్ద లోపాన్ని ఒక్కటే పట్టుకోండి. మీ పనిలోంచే లైన్లు తయారు చేసుకోండి. అంకెలకైతే ఇలా ఉండవచ్చు:

```
S.No. 256/1A, extent 0.47 cents, Rs. 4,56,000/-
dated 15-06-1996, Doc. No. 1764 of 2005
bounded East 45 feet, West 46 feet, road 30 feet
```

కీబోర్డు మీద ఒక గుడ్డ కప్పి చేతులు దాని కిందికి పోనివ్వండి, లేదా కళ్లు కాగితం మీదే ఉండేలా నిగ్రహించుకోండి. ఒక్క తప్పు కూడా పడనంత నిదానంగా మొదలుపెట్టాలి. ఎంత నిదానమంటే, ఒక్కో అంకె దగ్గర ఏ వేలు కదులుతోందో మీకు స్పష్టంగా తెలియాలి. అరచేయి లేవకుండా వేలు మాత్రం చాచి, నొక్కి, వెంటనే `f`, `j` మీది గీతల దగ్గరికి తిరిగి రావాలి. ఒక లైను వరసగా మూడుసార్లు తప్పు లేకుండా వస్తేనే కాస్త వేగం పెంచండి. తప్పు పడితే బ్యాక్‌స్పేస్ నొక్కకండి. ఆగి, ఏ వేలు ఎటు పోయిందో చూసి, లైను మొదటినుంచి కొట్టండి.

ఇక్కడ చాలామంది పొరపడే చోటు ఒకటుంది. ఒకే లైను పాతికసార్లు కొడితే చివరికి అద్భుతంగా వస్తుంది, సాధన ఫలించిందనిపిస్తుంది. మర్నాడు వేరే అంకెలు ఇస్తే మళ్లీ మొదటికొస్తుంది. వేళ్లు ఆ లైనుని కంఠస్థం చేశాయి తప్ప 6 ఎక్కడుందో నేర్చుకోలేదు. అందుకే మూడు నాలుగుసార్లకి లైను మార్చండి, రెండు రోజులకోసారి కొత్త లైన్లు రాసుకోండి. సాధన చేస్తున్నప్పుడు కొంచెం కష్టంగా, తడబాటుగా ఉండాలి. హాయిగా సాగిపోతోందంటే మీరు వచ్చిందే మళ్లీ చేస్తున్నారు.

మొదటి వారంలో స్పీడు తగ్గుతుంది. 38 ఉన్నది 32కి పడిపోయినా కంగారు పడకండి. షిఫ్ట్ అలవాటు మార్చేటప్పుడు ఇది మరీ ఎక్కువ, ఎందుకంటే పాత కదలికని ఆపి కొత్తది పెట్టాలి. చాలామంది ఇక్కడే 'నాకు పాత పద్ధతే సరిపోయింది' అని వదిలేస్తారు. పైగా ఆఫీసులో పార్టీ ఎదురుగా నిలబడి ఉంటే టెన్షన్‌లో చేయి పాత దారినే పోతుంది. అందుకని పనివేళల్లో అన్నీ మార్చాలని చూడకండి. ఒక వారం కుడి షిఫ్ట్ ఒక్కటే నియమంగా పెట్టుకోండి, మిగతాది పాత పద్ధతిలోనే సాగనివ్వండి.

అప్పుడు హద్దు దాటి చూడండి

తప్పులు సగానికి తగ్గాక సాధన తీరు మారాలి. ఇప్పుడు హాయిగా వచ్చే స్పీడు కంటే పది నుంచి ఇరవై శాతం ఎక్కువతో కొట్టండి. మీది 42 అయితే 48 దాకా. దీనికి సులువైన మార్గం ఉంది. సరిగ్గా 240 అక్షరాలున్న పేరా ఒకటి తీసుకుని నిమిషంలో ముగించాలని టైమర్ పెట్టుకోండి. ఇక్కడ నియమం తలకిందులు. తప్పులు పడనివ్వండి, ఆగకండి, దిద్దకండి. ఆ వేగంలో ఏది విరుగుతుందో చూడటమే ఉద్దేశం. 42లో కనబడని బలహీనత 48లో బయటపడుతుంది. ఒక జంట అక్షరాలు ప్రతిసారీ తడబడుతుంటే, మర్నాడు వాటితో పది పదాలు రాసుకుని, నిదానపు డ్రిల్లుకి తిరిగి వెళ్లండి. వేగపు రోజు రోగం తెలుస్తుంది, నిదానపు రోజు వైద్యం జరుగుతుంది. ఒకటి మానేసి రెండోదే చేసేవాళ్లు ఎక్కడో ఒకచోట ఆగిపోతారు.

ఈ దశలో వేళ్లకంటే కళ్లకి పని చెప్పాలి. మనస్తత్వ శాస్త్రవేత్త తిమతీ సాల్ట్‌హౌస్ 1984లో 19 నుంచి 72 ఏళ్ల వయసున్న టైపిస్టుల్ని పరీక్షించాడు. వయసు పైబడినవాళ్ల వేళ్లు నెమ్మదించినా టైపింగ్ స్పీడు పెద్దగా తగ్గలేదు. కారణం వాళ్లు మ్యాటర్‌ని ఇంకా ముందుకు చదువుతూ కొడుతున్నారు. రాబోయే అక్షరాలు ముందే తెలిస్తే వేళ్లు ముందే కదలడం మొదలుపెడతాయి. అంటే అనుభవం నిజంగా ఉపయోగపడిన చోటు ఇది. మీరు సాధన చేయాలంటే, కాగితాన్ని స్టాండ్ మీద పెట్టి, చేయి ఒక పదం మీద ఉండగా కన్ను తర్వాతి పదం మీద ఉండేలా చూసుకోండి. స్క్రీన్ వైపు చూడకండి. అవసరమైతే మానిటర్ ఆపేయండి. పడ్డ అక్షరాన్ని చూసుకోవాలన్న ఆత్రమే చాలామందిలో కన్నుని వెనక్కి లాగేది.

వారానికొకసారి, అదే రోజు, అదే సమయానికి, కొత్త మ్యాటర్‌తో పది నిమిషాల పరీక్ష పెట్టుకోండి. స్పీడు, వెనక్కి వెళ్లిన సంఖ్య, రెండూ రాసిపెట్టండి. స్పీడు పెరగకపోయినా వెనక్కి వెళ్లడం 60 నుంచి 40కి వచ్చిందంటే దారి సరైనదే. రెండు వారాలు రెండూ కదలకపోతే మీరు తప్పు లోపాన్ని పట్టుకున్నారని అర్థం. ఇంకా ఎక్కువసేపు చేయడం కాదు, మళ్లీ వీడియో తీసి చూడండి.

తెలుగులో కొట్టేవాళ్లకి

ఇన్‌స్క్రిప్ట్ లేఅవుట్ వాడేవాళ్లు పదాలు లెక్కపెట్టవద్దు, కీ నొక్కులు లెక్కపెట్టండి. 'లక్ష్మి' చూడటానికి రెండు అక్షరాలే, కానీ ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి కలిపి, షిఫ్ట్ కాక ఏడు నొక్కులు. ఈ లేఅవుట్‌లో గుణింతపు గుర్తులు, పొల్లు ఎడమ చేతికి, హల్లులు ఎక్కువగా కుడి చేతికి వస్తాయి. కాబట్టి ఇంగ్లిష్‌లో `teh` పడే చోట ఇక్కడ ఒత్తు, గుడి తారుమారవుతాయి. 'శక్తి'లో గుడి ముందు పడి ఒత్తు విడిగా నిలబడిపోతుంది. మీ జాబితాలో ఇవి ఎక్కువ ఉంటే డ్రిల్లు లైన్లు ఒత్తులతో నింపండి: శక్తి, వ్యక్తి, పత్రం, స్థలం, హద్దులు, విక్రయం, స్వాధీనం. ప్రతి ఒత్తుకీ పొల్లు, హల్లు, ఆ తర్వాతే గుణింతం, ఈ వరసని సమాన వ్యవధితో కొట్టాలి.

ఎక్కడ ఆగాలి

వేళ్లు తిమ్మిరెక్కినా, మణికట్టు నొప్పి పుట్టినా ఆ రోజుకి ఆపేయండి. నొప్పి మీద సాధన చేస్తే శరీరం ఇంకో తప్పుడు భంగిమ నేర్చుకుంటుంది.

ఈ సాధన ఎంతవరకు పనిచేస్తుందో కూడా తెలుసుకోవాలి. 2014లో మనస్తత్వ పరిశోధకురాలు బ్రూక్ మక్నమారా, మరో ఇద్దరు కలిసి చాలా అధ్యయనాల్ని గుదిగుచ్చి చూస్తే, మనిషికీ మనిషికీ మధ్య నైపుణ్యంలో ఉండే తేడాలో ఇలాంటి సాధన వల్ల వచ్చేది ఆటల్లో, సంగీతంలో ఐదో వంతు చుట్టూ తేలింది, ఉద్యోగాల్లో దాదాపు ఏమీ కనబడలేదు. నాకనిపించేది, ఉద్యోగాల్లో లోపం ఏమిటో పట్టుకోవడమే కష్టం, ఫలితం ఎప్పుడో వస్తుంది, కొలత ఉండదు. టైపింగ్‌లో ఆ కొలత చేతిలోనే ఉంది. అయినా అందరూ ఒకే స్పీడుకి చేరరు.

కాపీ కొట్టే పని అయితే పైన చెప్పిందంతా వర్తిస్తుంది. సొంతంగా ఆలోచిస్తూ రాసే పని అయితే ఒక స్పీడు దాటాక వేళ్లు కాదు, వాక్యం తట్టడమే ఆలస్యం. మీరు ఆగిన ప్రతిసారీ చేయి కీల మీద సిద్ధంగానే ఉండి మాట కోసం ఎదురుచూస్తుంటే టైపింగ్ సాధన అక్కడితో చాలు, ఆ ఇరవై నిమిషాలు వేరే పనికి వాడుకోండి.